బెలూన్ లోన్‌తో కారు: ఐదేళ్లూ కట్టాక నా అభిప్రాయం

కారు కోసం 10 లక్షల లోన్, 12 శాతం వడ్డీ, 60 నెలలు. అందులో 4 లక్షలు చివర్లో ఒకేసారి కట్టాలి. బెలూన్ పేమెంట్ అంటే ఆ ఆఖరి మొత్తమే. నెలవారీ వాయిదా 17,347. అదే మామూలు లోన్ అయితే 22,244 పడేది. నెలకు దాదాపు 4,900 తక్కువన్న మాట వినగానే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఐదేళ్లూ వాయిదాలు కట్టడానికి నాకు ఏ ఇబ్బందీ రాలేదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

కానీ ఆ వాయిదాలో ఏముందో విడదీసి చూడండి. 6 లక్షలకు మామూలు ఈఎంఐ 13,347. మిగతా 4,000 పూర్తిగా వడ్డీ, బెలూన్‌గా పక్కన పెట్టిన 4 లక్షల మీద పడేది. ఆ 4 లక్షల అసలు ఐదేళ్లలో ఒక్క రూపాయి కూడా తగ్గదు. అందుకే మొత్తం వడ్డీ మామూలు లోన్‌లో 3.35 లక్షలైతే, ఇందులో 4.41 లక్షలు. ఎక్సెల్‌లో మీరే వేసి చూసుకోవచ్చు, వాయిదా వచ్చేస్తుంది:

```
=PMT(12%/12,60,-1000000,400000)
```

"మిగిలిన 4,900 నెలనెలా దాచుకుంటే చివర్లో సరిపోతుంది కదా" అని అమ్మేవాళ్లు చెప్తారు. సరిపోదు. 6 శాతం వడ్డీ వచ్చే రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే చేతికొచ్చేది సుమారు 3.42 లక్షలు. ఇంకో 58 వేలు తక్కువ. దాచుకున్న డబ్బు మీద కూడా లోన్ వడ్డీ అంత, అంటే 12 శాతం వస్తేనే లెక్క సరిపోతుంది. నేను నెలకు 5,750 దాచాను. వాయిదాతో కలిపితే 23 వేలు దాటింది, అంటే మామూలు ఈఎంఐ కంటే ఎక్కువే!

మధ్యలో కారు అమ్మేద్దామనుకుని క్లోజింగ్ బ్యాలెన్స్ అడిగాను. సగం వాయిదాలు కట్టేశాక కూడా బాకీ 7.44 లక్షలు. మామూలు లోన్‌లో అప్పటికి 5.74 లక్షలే ఉండేది. కొనేవాళ్లు చెప్పిన ధర ఆ బాకీకి కూడా చాలలేదు, అమ్మే ఆలోచన మానుకున్నాను.

గడువు దగ్గరపడ్డాక బ్యాంకు వాళ్లే ఫోన్ చేసి, ఆ 4 లక్షలను ఇంకో రెండేళ్లకు లోన్‌గా మార్చుకోమన్నారు. అదే వడ్డీకైతే నెలకు 18,829 పడుతుంది. కొత్త కారుకు కట్టిన వాయిదా కంటే పాత కారుకు ఎక్కువ కట్టడమేంటి? పైగా ప్రాసెసింగ్ ఫీజు, మళ్లీ క్రెడిట్ స్కోర్ చూడటం. వద్దని చెప్పి దాచిన డబ్బుతో తీర్చేశాను. ఆటో డెబిట్‌కు పరిమితి ఉంటే ఆ పెద్ద మొత్తం దాని ద్వారా పోకపోవచ్చు, ముందుగానే కనుక్కోండి.

చివరి నెలకల్లా ఖాయంగా చేతికొచ్చే డిపాజిట్ లాంటిది ఉన్నవాళ్లు తీసుకోవచ్చు. జీతం పెరుగుతుందిలే అన్న నమ్మకంతో తీసుకునేవాళ్లకు మాత్రం నేను చెప్పను. అయిదుకి రెండు స్టార్లు ఇస్తాను.