సంక్రాంతి తర్వాత అమ్మే "డీటాక్స్ కిట్" కొనేముందు ఇది చదవండి

సంక్రాంతి పిండివంటల డబ్బాలు ఖాళీ కాకముందే మాఘమాసం పెళ్లిళ్లు వచ్చిపడతాయి. సరిగ్గా ఆ సందు చూసుకుని వాట్సాప్ గ్రూపుల్లో, ఇన్‌స్టాలో "పండగ బరువు పది రోజుల్లో మాయం" అంటూ కిట్లు దిగుతున్నాయి. మా వదిన ఒకటి కొన్నది. 4,800 రూపాయలు పోవడం ఒక ఎత్తయితే, ఆరో రోజుకి కాళ్ల పిక్కలు పట్టేసి, కళ్లు తిరిగి మంచం ఎక్కడం ఇంకో ఎత్తు. నేను డైటీషియన్‌ని. ఆ డబ్బా చేతికొచ్చాక లోపల ఏముందో చూశాను కాబట్టి, ఆవిడ సరేనన్నాకే ఇది రాస్తున్నాను.

కిట్‌లో మూడున్నాయి. పొద్దున్న నీళ్లలో కలుపుకునే పొడి, రాత్రి తాగే "క్లెన్స్ టీ", ఏం తినాలో చెప్పే ఒక కాగితం. కాగితం ప్రకారం అన్నం, చపాతీ, ఉప్పు బంద్. కీరా, సూప్, బొప్పాయి ముక్కలు, మజ్జిగ. లెక్క వేస్తే రోజుకి 600 కేలరీలు కూడా దాటలేదు. కూర్చుని పనిచేసే సగటు ఆడమనిషికి జాతీయ పోషకాహార సంస్థ వేసిన లెక్క 1,660 కేలరీలు. పొడిలో ఇసబ్‌గోల్, కాస్త త్రిఫల. అసలు సంగతి టీలో ఉంది. పదార్థాల వరుసలో చిన్న అక్షరాల్లో "కాసియా అంగుస్టిఫోలియా" అని ఉంది. అంటే సునాముఖి ఆకు. మన పెద్దవాళ్లు విరేచనానికి వాడిన ఆకే.

సునాముఖి పనిచేసేది పెద్దపేగు మీద. మనం తిన్న అరిసెలోని పిండి, బెల్లం, నూనె అంతకుముందే చిన్నపేగులో ఒంటికి పట్టేసి ఉంటాయి. కాబట్టి విరేచనంతో పోయేది నీళ్లు, వాటితోపాటు పొటాషియం లాంటి లవణాలు. కొవ్వు ఒక్క గ్రాము కూడా పోదు. వదిన పిక్కలు పట్టేయడానికీ, నీరసానికీ కారణం ఇదే. మలబద్ధకానికి అప్పుడప్పుడు వాడుకునే మందే అది. కానీ డాక్టర్ చెప్పకుండా వారం దాటి వాడకూడదు. పది రోజుల కిట్‌లో రోజూ ఇస్తున్నారంటే ఏమనాలో మీరే చెప్పండి.

మరి నాలుగో రోజుకే వదిన 2.6 కిలోలు ఎలా తగ్గింది? అమ్మేవాళ్ల తెలివి అంతా ఇక్కడే. నాలుగో రోజున బరువు మెషీన్ ఫోటో తీసి గ్రూపులో పెట్టమంటారు. పదో రోజు దాటాక, నెల తర్వాత ఫోటో ఎవరూ అడగరు.

వదిన భోగికి ముందు 64 కిలోలు. పండగ, ముక్కనుమ, ఆ వెంటనే వచ్చిన ఆదివారం చుట్టాల భోజనాలు అయ్యాక 67.2. వారంలో 3.2 కిలోలు. ఇదంతా కొవ్వే అనుకుంటే, ఒంట్లో కిలో కొవ్వు చేరడానికి సుమారు 7,700 కేలరీలు అదనంగా తినాలి. 3.2 కిలోలకి 24,000 పైచిలుకు. రోజుకి 3,500. మధ్యరకం అరిసె ఒకటి 180 కేలరీలనుకుంటే, మామూలుగా మూడు పూటలా తిన్నది కాక రోజూ ఇంకో 19 అరిసెలు తిని ఉండాలి. మా వదిన అరిసెలు ఎంత ఇష్టంగా తిన్నా అన్ని తినలేదు, ఒట్టు.

అంటే ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం కొవ్వు కాదు, నీళ్లు. పులిహోర, బూరెలు, బొబ్బట్లు తిన్నప్పుడు శరీరం కొంత పిండిపదార్థాన్ని గ్లైకోజెన్‌గా మార్చి కండరాల్లో, కాలేయంలో దాచుకుంటుంది. దాచిన ప్రతి గ్రాముతోపాటు సుమారు మూడు గ్రాముల నీళ్లు కూడా అక్కడే ఉంటాయి. పైగా ఆవకాయ, జంతికలు, చేగోడీలు, హోటల్ కూరలు, వీటి ఉప్పు ఉంది. తొమ్మిది గ్రాముల ఉప్పు ఒంట్లో నిలిస్తే దాదాపు లీటరు నీటిని పట్టి ఉంచుతుంది. ఉంగరం బిగుతుగా అనిపించేది, పొద్దున్న మొహం ఉబ్బినట్టు ఉండేది అందుకే. ఇది కాక పేగుల్లో ఇంకా కదలని తిండి బరువు కొంత.

మామూలు భోజనానికి తిరిగొస్తే ఈ నీళ్లు వారం పది రోజుల్లో వాటంతట అవే పోతాయి. కిట్ కాగితం అన్నం, ఉప్పు ఆపించి ఆ పనే కాస్త ముందు చేయిస్తుంది. టీ ఇంకొన్ని నీళ్లు లాగేస్తుంది. ఎలాగూ పోయే బరువుని తామే పోగొట్టామని 4,800 తీసుకుంటారు.

దీనికి మా ఇంట్లోనే రుజువు ఉంది. అన్నయ్య కూడా అదే వారం 78 నుంచి 80.5కి వెళ్లాడు. ఏ కిట్టూ వాడలేదు. ఆఫీసుకి వెళ్లడం, ఇంటి క్యారేజీ, మామూలు అన్నం, పప్పు, కూర, పెరుగు. పది రోజులు గడిచేసరికి 78.8. వదిన ఆరో రోజు కిట్ ఆపేసి మామూలుగా తినడం మొదలుపెట్టాక, పోయిన నీళ్లలో కొన్ని తిరిగొచ్చి 65.3 దగ్గర నిలిచింది. ఆయన తగ్గింది 1.7, ఆవిడ తగ్గింది 1.9. అంత బాధకి దక్కిన లాభం అదీ. అమ్మినావిడకి ఫోన్ చేస్తే "మీరు డైట్ మధ్యలో బ్రేక్ చేశారండీ, మెయింటెనెన్స్ ప్యాక్ తీసుకోండి" అంది. ప్యాక్ విప్పారు కాబట్టి డబ్బు వాపసు లేదట.

అయితే నీళ్లు పోయాక మిగిలే కాస్త మాత్రం నిజం బరువే. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికాలో క్రిస్మస్ పండగల బరువు మీద 2000లో ఒక వైద్య పత్రికలో వచ్చిన పరిశీలనలో సగటున పెరిగింది అర కిలో కూడా లేదు. కానీ ఆ కాస్తా తర్వాతి సంవత్సరంలో తగ్గలేదు. ఏటికేడు అలా పేరుకుంటుంది. మనకి దసరా, దీపావళి, కార్తీకం పెళ్లిళ్లు, సంక్రాంతి, మాఘం, ఇన్ని ఉన్నాయాయె.

వదినకి మిగిలింది 1.3 కిలోలు. అంటే సుమారు 10,000 కేలరీలు. రోజుకి 250 తగ్గిస్తే 40 రోజులు. అంతకన్నా తొందర అక్కర్లేదు. ఆ 250 ఎక్కడుందో వెతికితే డబ్బాలో దొరికింది. పండగ మూడు రోజులే గానీ పిండివంటల డబ్బా నెల రోజులు వంటింటి గట్టు మీదే ఉంటుంది. అది అయ్యేలోపు ఎవరో ఒకరింటి సారె లడ్డూలు, కాజాలు వస్తాయి. సాయంత్రం టీతో గుప్పెడు జంతికలు, ఒక సున్నుండ. ఇదే దగ్గర దగ్గర 300 కేలరీలు, రోజూ. నా అనుభవంలో పండగ రోజు తిన్నదానికన్నా ఈ డబ్బా తిండే ఎక్కువ బరువు పెంచుతుంది. అందుకే వదినకి పండగ తిండి మీద ఏ ఆంక్షా పెట్టలేదు. సగం పిండివంటలు పక్కింటికీ, పనమ్మాయికీ ఇచ్చేశాం. మిగతావి పై అరలోకి వెళ్లాయి. ఆదివారం దించి, కూర్చుని, ప్లేటులో పెట్టుకుని తినడం. మిగతా రోజుల్లో టీతో వేయించిన శనగలో, ఒక జామకాయో.

అన్నం మానలేదు. రెండోసారి వడ్డించుకునే అన్నంలో సగం తగ్గించి, ఆ చోట కూర, పప్పు పెంచాం. పొద్దున్న ఇడ్లీ అయితే సాంబారు ఎక్కువ, పెసరట్టయితే ఉప్మా లేకుండా. ఏ పూటా మానేయలేదు. మధ్యాహ్నం పస్తు ఉంటే రాత్రి పది గంటలకి డబ్బా మూత తీసేది ఖాయం.

ఆ 40 రోజుల్లో రెండు పెళ్లిళ్లు వచ్చాయి. రిసెప్షన్ ఉందని పగలంతా కడుపు మాడ్చుకుని వెళ్లేవాళ్లు బఫేలో స్టార్టర్ల దగ్గరే ఒక భోజనం తినేస్తారు. పగలు మామూలుగా తిని వెళ్లి, అక్కడ ఇంట్లో దొరకనివి, ఇష్టమైనవి తినమన్నాను. పనసపొట్టు కూర, బొబ్బట్టు, నెయ్యితో సహా. ఇంట్లో రోజూ తినే సాంబారన్నం, పెరుగన్నం అక్కడ కొంచెం చాలు. మర్నాడు ఉపవాసం లేదు, బరువు చూసుకోవడమూ లేదు. మర్నాడు మెషీన్ చూపించేది ఉప్పు, నీళ్లే, అది చూసి టెన్షన్ పడటం తప్ప ఉపయోగం లేదు. వారానికోసారి, బుధవారం పొద్దున్నే, ఏమీ తినకముందు చూసుకుంది. 40 రోజులు అనుకున్నది 50 దాకా పట్టింది, 64.2 దగ్గర ఆగింది. అది చాలు.

ఎవరైనా ఇలాంటి కిట్ చూపిస్తే ముందు ప్యాకెట్ వెనకవైపు ఫోటో అడగండి. సునాముఖి, సెన్నా, కాసియా, వీటిలో ఏ పేరున్నా వద్దు. పేర్లు ఇవ్వకుండా "హెర్బల్ బ్లెండ్" అని మాత్రమే ఉంటే అసలే వద్దు. ఆహారంగా అమ్మితే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్, ఆయుర్వేద మందుగా అమ్మితే తయారీ లైసెన్సు నంబర్ ఉండాలి. మా వదిన ప్యాకెట్ మీద రెండూ లేవు. ఊబకాయం తగ్గిస్తామంటూ మందులకి ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం కూడా. డబ్బు మనిషి పేరు మీద యూపీఐలో వేయమని అడిగి, బిల్లు ఇవ్వకపోతే అక్కడే ఆగండి. ఇప్పటికే కట్టేసినవాళ్లు చాట్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు, ప్యాకెట్ దాచి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. మేం ఇచ్చాం, ఇంకా తేలలేదు.

షుగర్ మాత్రలు, ముఖ్యంగా గ్లిమెపిరైడ్ లాంటివి, లేదా ఇన్సులిన్ వాడేవాళ్లు ఈ 600 కేలరీల తిండి జోలికి పోవద్దు, షుగర్ పడిపోతుంది. మూత్రం ఎక్కువ పోయే బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి పొటాషియం ఇంకా ప్రమాదకరంగా తగ్గుతుంది. గుండె, కిడ్నీ జబ్బున్నవాళ్లకి పండగ తర్వాత రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగి, కాళ్లు వాచి, ఆయాసం వస్తే అది పిండివంటల బరువు అనుకోకండి, ఆ రోజే డాక్టర్‌కి చూపించండి.

ఇప్పటికే ఆ టీ తాగుతున్నవాళ్లు ఈ రాత్రి నుంచే ఆపేయండి. విరేచనాలు ఎక్కువగా అవుతుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్‌ని దాని మీద రాసినన్ని నీళ్లలో కలుపుకుని తాగండి. షుగర్, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు డాక్టర్‌ని అడిగి తాగండి. ఆపాక రెండు మూడు రోజులు మోషన్ సరిగా అవకపోవచ్చు, బరువు కిలో పెరిగినట్టు చూపించొచ్చు. దానికి భయపడి మళ్లీ టీ మొదలుపెట్టకండి. గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం, కండరాలు బాగా పట్టేయడం ఉంటే మాత్రం ఆస్పత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ ప్యాకెట్ వెంట తీసుకెళ్లండి.