పంటు మీద వెనక్కి వెళ్ళిన కుక్కరు: పది నెలల వాడకం తర్వాత

ఐదు లీటర్ల అల్యూమినియం కుక్కరు, మూత పైనుంచి పెట్టి తిప్పి బిగించే రకం. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటెక్కి నరసాపురం వెళ్ళి కొనుక్కొచ్చాను. పది నెలలైంది. ఇప్పుడు పొయ్యి మీదున్నది ఆ రోజు తెచ్చింది కాదు, దాని బదులు ఇచ్చింది. అంచేత ముందు మొదటిదాని సంగతి చెప్పాలి.

గ్లాసు కందిపప్పు, రెండున్నర గ్లాసుల నీళ్ళు, చిటికెడు పసుపు. ఇరవై ఐదు నిమిషాలైనా విజిల్ రాలేదు. పిడికి ఎడమ పక్కనుంచి బుస్సుమని ఆవిరి, దాంతోపాటే పసుపు నీళ్ళు కారి కుక్కరు ఒంటిమీద చార కట్టాయి. మూత తీస్తే పైన పలుకు, అడుగున మాడు. షాపుకి ఫోన్ చేస్తే "రబ్బరు కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండమ్మా, బిగుస్తుంది" అన్నారు. బిగిసింది, ఒక్క వంటకి. చల్లదనానికి ముడుచుకున్న రబ్బరు వేడి తగిలితే సాగక ఏం చేస్తుంది? మా అత్తయ్యగారు గోధుమపిండి ముద్ద అంచు చుట్టూ మెత్తమన్నారు. కొత్త కుక్కరుకి ఆ గతేమిటని ఒళ్ళు మండి, ఈ ఉత్తరం రాసి మా ఆయన చేతికిచ్చి పంపాను:

"షావుకారు గారికి నమస్కారాలు. పోయిన వారం మీ దగ్గర కొన్న కుక్కరులో రెండు లోపాలున్నాయి. రబ్బరు వదులుగా ఉంది. మూత పైకెత్తగానే గాడిలోంచి జారి గిన్నెలో పడుతోంది. గాడిలో కూర్చోబెడితే ఒకచోట లోపలికి ఉబ్బుతోంది. అంటే అది ఈ మూత కొలతది కాదు. ఇది చిన్న తప్పు, రబ్బరు మారిస్తే పోతుంది. అసలు తప్పు మూతది.

రబ్బరు తీసేసి, పిడి బయటికి వేలాడేలా మూతని వంటగట్టు గ్రానైటు మీద బోర్లించాను. ఒక పక్క నొక్కితే రెండో పక్క లేస్తోంది. క్యాలెండరు కాగితం పిడి ఎడమ వైపునుంచి దూరింది, దానికి సరిగ్గా ఎదురుగానూ దూరింది. మిగతా చోట్ల దూరలేదు. అప్పుడు రబ్బరు మీద పెన్నుతో గీత పెట్టి, వట్టి నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాను. ఆవిరి ఎడమ పక్కనే వచ్చింది. చల్లారాక రబ్బరుని సగం చుట్టు తిప్పి మళ్ళీ పెట్టాను. తప్పు రబ్బరుదైతే ఆవిరి కూడా గీతతో పాటు అటు పక్కకి వెళ్ళాలి. వెళ్ళలేదు, పిడి ఎడమ పక్కనే ఉంది. కాబట్టి రబ్బరొక్కటీ మార్చి పంపొద్దు. మూతని సుత్తితో సాపు చేయించి ఇస్తానన్నా నాకొద్దు. కుక్కరు మారుస్తారా, డబ్బు వెనక్కి ఇస్తారా చెప్పండి. బిల్లు, కంపెనీ వారంటీ కాగితం జత చేశాను. రెండూ కాదంటే వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి ఫోన్ చేస్తాను."

అనుకున్నట్టే ముందు సుత్తి మాటే వచ్చిందట. "మావాడు రెండు దెబ్బలేస్తే సాపైపోద్దండి" అన్నారట. సాపవ్వడం ఒకటే కాదు కదా. ఆ మూత అడ్డంగా ఇరవై సెంటీమీటర్లుంటుంది. లోపల ఆవిరి చదరపు సెంటీమీటరుకి కిలో చొప్పున తోస్తుంది. లెక్క కడితే మూతనంతా కలిపి మూడు వందల కిలోల బరువు కిందనుంచి ఎత్తుతున్నట్టు, అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు పన్నెండు. దాన్ని పట్టి ఉంచేవి అంచున ఉన్న ఆ నాలుగు పళ్ళే. సుత్తి దెబ్బకి వాటిలో ఏది చిట్లిందో కంటికి కనపడదు. మా ఆయన ఉత్తరంలో సుత్తి వద్దన్న వాక్యం మీద వేలు పెట్టి చూపించారు. షావుకారు గారు మూతని తన గాజు కౌంటరు మీద బోర్లించి, ఓసారి ఊపి చూసి, మారు మాట్లాడకుండా లోపల్నుంచి ఇంకో పెట్టె తెప్పించారు. మొదటిది ఐఎస్ఐ గుర్తున్న సరుకే. వచ్చేదారిలో ఎక్కడో కింద పడేసుంటారని నా అనుమానం.

రెండోదాన్ని అక్కడే కౌంటరు మీద బోర్లించి చూశాకే తెచ్చారు. రెండు గ్లాసుల నీళ్ళతో మొదటి విజిల్ ఏడో నిమిషంలో వచ్చింది. ఈ పది నెలల్లో పప్పు ఎప్పుడూ పలుకు లేదు, సేఫ్టీ వాల్వు ఒక్కసారీ కరగలేదు. పిడి స్క్రూ మాత్రం రెండు నెలలకోసారి వదులవుతోంది, బిగించుకోవాలి. రబ్బరుని మూతలోనే వదిలెయ్యకుండా కడిగి మేకుకి తగిలిస్తున్నాను. అయినా ఈ మధ్య కాస్త గట్టిపడింది, విజిల్ ముందు సన్నగా చీదుతోంది. ఈసారి పంటెక్కేటప్పుడు మూత కూడా సంచిలో పెట్టుకెళ్ళి, దానికి పెట్టి చూసే కొత్త రబ్బరు కొంటాను.