మిషన్ ఆగిన గంటలు: పనివాళ్ల లెక్కలో కలపాలా, విడిగా చూపాలా?

తాడిపత్రిలో నాపరాయి బండలు పాలిష్ చేసే ఒక చిన్న యూనిట్ తీసుకుందాం. అంకెలు లెక్కకు అనువుగా నేను వేసుకున్నవే. వంద చదరపు అడుగులకు 5 కూలి గంటలు పట్టాలని స్టాండర్డ్, గంటకు 80 రూపాయలు. ఐదుగురు మనుషులు, రోజుకు 8 గంటల చొప్పున ఆరు రోజులు వచ్చారు. అంటే 240 గంటలకు కూలి ఇచ్చారు. వారం తిరిగేసరికి 4,000 అడుగుల బండ తయారైంది. స్టాండర్డ్ ప్రకారం అది 200 గంటల పని.

చాలా యూనిట్లలో లెక్క ఇక్కడితో ముగుస్తుంది. 200కు 240 అయ్యాయి కాబట్టి 40 గంటలు ఎక్కువ, 80 చొప్పున 3,200 రూపాయల ప్రతికూల ఎఫిషియెన్సీ వేరియన్స్, అంటే స్టాండర్డ్‌తో పోలిస్తే పనితనంలో వచ్చిన నష్టపు తేడా. ఈ కాగితం చూసిన ఓనరు నేరుగా మేస్త్రిని పిలిచి, "మీవాళ్లు పని చేస్తున్నారా, బీడీలు తాగుతున్నారా?" అని అడుగుతాడు. కాగితం చెప్పింది అదే కాబట్టి ఆయన్ను అని లాభం లేదు.

కానీ ఆ వారంలో మోటారు కాలిపోయి, వైండింగ్ చేయించి తెచ్చేసరికి 10 గంటలు మిషన్ తిరగలేదు. ఐదుగురూ కూర్చున్నారు, కూలి మాత్రం పడింది. అవి 50 మనిషి గంటలు. విడదీసే పద్ధతిలో ముందుగా వీటిని పక్కకు తీస్తారు: 50 గంటలు, 80 చొప్పున 4,000 రూపాయల ప్రతికూల ఐడిల్ టైమ్ వేరియన్స్. ఎఫిషియెన్సీని ఇక నిజంగా పని చేసిన 190 గంటలతోనే పోలుస్తారు. 200 గంటల పని 190లో అయింది కాబట్టి 800 రూపాయలు అనుకూలం. రెండూ కలిపితే మళ్లీ అదే 3,200. మొత్తం మారలేదు కానీ తప్పు మనుషుల మీది నుంచి మోటారు మీదికి పోయింది. కూలి రేటులో తేడా ఉంటే మాత్రం దాన్ని 240 గంటల మీదే లెక్కించాలి, 190 మీద కాదు. ఖాళీగా కూర్చున్న గంటకు కూడా ఆ రేటే ఇచ్చాం కదా.

ఇంతవరకు చూస్తే విడదీయడమే మేలనిపిస్తుంది. అయితే ఆ 800 అనుకూలాన్ని నమ్మే ముందు ఒక ప్రశ్న వేయాలి: వందకు 5 గంటలు అన్న స్టాండర్డ్ ఎక్కడి నుంచి వచ్చింది?

పాత మస్టర్లు తీసి, ఇచ్చిన కూలి గంటల్ని తయారైన అడుగులతో భాగించి పెట్టుకున్నదైతే, మామూలుగా పోయే సమయం అందులోనే కలిసి ఉంటుంది. పాలిష్ రాళ్లు మార్చడం, బండ ఎక్కించే వరకు ఎదురుచూడటం, కాసేపు కరెంటు పోవడం లాంటివి. అది నూటికి 5 అనుకుంటే, 200 గంటల్లో అసలు పని 190, మామూలు ఆగుడు 10. మనవాళ్లు పని చేసింది కూడా సరిగ్గా 190 గంటలే! అంటే ఎఫిషియెన్సీ వేరియన్స్ సున్నా. ఆగిన 50 గంటల్లో 10 ముందే అనుకున్నవి, మిగిలిన 40 మాత్రమే అసాధారణం. 40 గంటలు, 80 చొప్పున 3,200. ఇందాక కనిపించిన 800 పనితనం కాదు, ఆ 10 గంటల్ని రెండుసార్లు లెక్కలోకి తీసుకోవడం వల్ల పుట్టిన అంకె. దాన్ని చూసి బోనస్ ప్రకటిస్తే చేతి చమురు వదిలినట్టే.

వాచీ పెట్టి, మిషన్ తిరిగే సమయం మాత్రమే కొలిచి తెచ్చిన 5 గంటలైతే కథ వేరు. అప్పుడు మామూలు ఆగుడు ఖర్చును గంట రేటులో కలపాలి. 80ని 0.95తో భాగిస్తే సుమారు 84 రూపాయల 21 పైసలు వస్తుంది, రెండు వేరియన్స్‌లకూ అదే రేటు. ఈ పద్ధతిలో ఐడిల్ టైమ్ వేరియన్స్ అనుకూలంగా కూడా రావచ్చు. అనుకున్నంత కూడా మిషన్ ఆగకపోతే అంతే మరి.

నా ఓటు విడదీయడానికే, అదీ మామూలు ఆగుడు తీసేశాకే. కానీ దీనికి ఆగిన గంటల పుస్తకం ఒకటి నిజాయితీగా నడవాలి. నెమ్మదిగా సాగిన పనిని "కరెంటు లేదు" అని రాసేస్తే ఎఫిషియెన్సీ నిగనిగలాడుతుంది, ఐడిల్ టైమ్ ఉబ్బుతుంది. వారం వారం ఈ రెండూ చేతులు పట్టుకుని పెరుగుతుంటే అనుమానించాలి. మిషన్ ఆగిందని రాసిన రోజు మీటరు యూనిట్లు ఎప్పటిలాగే తిరిగి ఉంటే ఆ రాత అబద్ధం. అలాంటి పుస్తకమే లేని చోట విడదీసినట్టు నటించడం కన్నా ఆ 3,200ను ఒకే వరుసలో ఉంచి, ఇందులో ఆగిన సమయం కూడా ఉందని పక్కన రాయడం నయం. అడుగుల లెక్కన కూలి ఇచ్చే యూనిట్లో, ఖాళీ సమయానికి బత్తా ఏమీ లేకపోతే, ఈ గొడవే లేదు. అక్కడ మోటారు కాలితే ఆ కూలి నష్టం పనివాడి జేబులోంచి పోతుంది, ఓనరు కాగితం మీదికి రాదు.