శనివారం కూడా పనిదినమే: జర్మనీలో బండి ఆపిన కథ

రోథెన్‌బర్గ్‌లో పాత కోటగోడ మీద నడక ఎంతో బాగుంది. బస మాత్రం ఓ మోస్తరే. మేడ మీద గది, లిఫ్టు లేదు, సూట్‌కేసులు మోసేసరికి నడుం పట్టేసింది. పొద్దున్నే పెట్టిన రొట్టె, జున్నుతో ఆ కోపం కొంత తీరిందనుకోండి. అసలు చెప్పాలనుకున్నది మర్నాడు, శనివారం, దారిలో ఒక చిన్న ఊళ్లో జరిగిన సంగతి.

అద్దె కారు వీధి పక్కన ఆపాను. టైము 11:10. స్తంభం మీద నీలం పలకలో తెల్లటి పి, దాని కింద రెండు తెల్ల పలకలు. ఫోన్‌తో తర్జుమా చేస్తే కింది పలకకి ‘వారపు రోజుల్లో 8 నుంచి 18’ అని వచ్చింది. శనివారం కదా, మనకి వర్తించదులే అనుకున్నాను. మా ఆవిడకి నమ్మకం కుదరలేదు. ‘తమ్ముడికి ఒకసారి పంపండి’ అంది.

మా బావమరిది స్టుట్‌గార్ట్‌లో మూడేళ్లు పనిచేసి విజయనగరం వచ్చేశాడు. అక్కడ అప్పుడు మధ్యాహ్నం 2:40, అన్నం తిని నడుం వాల్చే వేళ. పంపిన ఫొటో చూసి వెంటనే ఫోన్ చేశాడు.

‘ఏటి బావా, కింది పలకే తీసినావు? స్తంభం పైనుంచి కింద దాకా తియ్యి. కింది పలకలు ఏ గుర్తు కింద ఉంటే దానికే వర్తిస్తాయి, పైనేటుందో చూడకుండా ఎలా చెప్పగలను?’

మళ్లీ తీసి పంపాను. అప్పుడు విడమరిచి చెప్పాడు. కింద రాసిన మాట ‘వెర్క్‌టాగ్స్’. అంటే పనిదినాల్లో అని. జర్మనీలో శనివారం కూడా ఆ లెక్కలోదే, ఆదివారాలు, పండగ సెలవులకే మినహాయింపు. శనివారం వదిలెయ్యాలనుకుంటే పలక మీద సోమ–శుక్ర అనే రాస్తారట. మధ్య పలకలో చక్రం బొమ్మ, 2 గంటలు. డబ్బు కట్టక్కర్లేదు గానీ వచ్చిన టైము చూపించే నీలం అట్ట అద్దం వెనక పెట్టాలి.

కారులో ముందరి అర వెతికితే ఆ అట్ట దొరికింది. ముల్లు 11:10 దగ్గర పెట్టబోయాను.

‘అలా కాదు బావా, వచ్చిన తర్వాత వచ్చే అరగంట మీద పెట్టాల. 11:30 పెట్టు. రెండు గంటలు అక్కణ్ణుంచే లెక్క.’

అంటే 1:30 దాకా ఉండొచ్చు. ఇరవై నిమిషాలు మనకే మిగులు! అట్ట పెట్టకపోతే కనీసం 20 యూరోల జరిమానా, అంటే సుమారు రెండు వేల రూపాయలు. ఆ పైన అద్దె కంపెనీ తన రుసుము వేస్తుందని మా ఒప్పందంలోనే ఉంది. కాయితం మీద టైము రాసి పెట్టినా చెల్లదట.

ఊళ్లో సంత, చర్చి చూసి, సూప్ తాగి 1:20కి వచ్చేశాం. మా ఆవిడకి ఇంకో కాఫీ తాగాలని ఉంది. ముల్లు ముందుకు తిప్పేస్తే సరిపోదా అంది. బావమరిది ముందే చెప్పాడు, బండి కదపకుండా ముల్లు తిప్పితే అదీ తప్పే. కాఫీ దారిలో పెట్రోలు బంకులో తాగాం, అదేమంత బాగాలేదు.