నాలుగు గళ్ల పుస్తకం: రొయ్యల చెరువుల మీద రెండేళ్ల వాడకం

భీమవరం దగ్గర ఒక ఆసామికి చెందిన తొమ్మిది వనామీ చెరువుల బాగోగులు నేను చూస్తున్నాను. పనులను అత్యవసరమా, ముఖ్యమా అని విడదీసి నాలుగు గళ్లలో రాసుకునే పద్ధతిని రెండేళ్లుగా, అంటే నాలుగు పంటలుగా వాడుతున్నాను. ఐసెన్‌హోవర్ పేరుతో చలామణిలో ఉన్న ఈ పద్ధతికి మూలం, అమెరికా అధ్యక్షుడిగా ఆయన 1954లో ఎవాన్‌స్టన్‌లో చేసిన ప్రసంగం. అత్యవసరమైనవి ముఖ్యం కావనీ, ముఖ్యమైనవి ఎన్నడూ అత్యవసరం కావనీ ఒక పూర్వ కళాశాలాధ్యక్షుడు అన్న మాటను ఆయన అందులో ఉదహరించారు. చెరువు గట్టు మీద ఈ మాట సగమే నిలుస్తుంది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతే అది అత్యవసరమూ, ముఖ్యమూ కూడా.

మొదటి మూడు నెలలు నాకు ఈ పుస్తకం ఎందుకూ కొరగాలేదు. ఒక జూలై మంగళవారం ఉదయం ఏడింటికి రాసిన పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో పద్నాలుగు పనులుంటే, తొమ్మిదింటిని మొదటి గడిలోనే, అంటే అత్యవసరమూ ముఖ్యమూ అయినవాటిలోనే రాశాను. కొనుగోలు ఏజెంటు కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో ఆ కౌంట్ అడిగాడు, మేతల డిపో గుమాస్తా బాకీ అడిగాడు, ఐదో చెరువులో నీటికి గాలి అందించే ఏరియేటర్ బెల్టు తెగింది, ఆసామి ఫోన్ చేశారు. ఎవరి గొంతు పెద్దదైతే వారి పనిని అత్యవసరమని నమ్మానన్న సంగతి ఆ పేజీని మళ్లీ చదివినప్పుడు గానీ తెలియలేదు.

అప్పటి నుంచి ప్రతి పని పక్కనా రెండు ప్రశ్నలు వేసుకుంటున్నాను. ఈ రాత్రికి ఇది చేయకపోతే రొయ్యకు హాని జరుగుతుందా? పట్టుబడి నాటికి దీనివల్ల దిగుబడిలో తేడా వస్తుందా? ఆ తొమ్మిది పనులనూ ఈ ప్రశ్నలతో మళ్లీ చూస్తే మొదటి గడిలో మిగిలినవి రెండే: తెగిన బెల్టు, మర్నాటికి చాలని మేత. ఏజెంటుకు సాయంత్రం చెప్పినా సరిపోతుంది. బాకీ లెక్క డిపో గుమాస్తాకు మా గుమాస్తాయే చెప్పుకోగలడు. మొదటి గడిలో నాలుగుకు మించి పనులు కనిపించిన రోజున, విడదీయడంలో నేనే తప్పు చేశానని ఇప్పుడు ముందుగా అనుమానిస్తాను.

అసలు దెబ్బ తగిలింది రెండో గడిలో, ముఖ్యమే గానీ తొందర లేని పనుల దగ్గర. "జనరేటర్ బ్యాటరీ చూపించాలి" అన్న పంక్తిని ఆరు వారాల పాటు ఒక పేజీ నుంచి మరో పేజీకి మోసుకొచ్చాను. ఒక మబ్బు పట్టిన రోజు రాత్రి రెండున్నరకు కరెంటు పోయింది. పగలు ఎండ లేకపోతే నీటిలోని పచ్చదనం ఆక్సిజన్‌ను తక్కువగా తయారు చేస్తుంది, రాత్రి మాత్రం ఎప్పటిలాగే వాడేసుకుంటుంది. "సెల్ఫ్ తీసుకోవట్లేదండి" అని కాపలా కుర్రాడు ఫోన్ చేశాడు. నేను వెళ్లి, ట్రాక్టర్ బ్యాటరీ విప్పి తగిలించేసరికి యాభై నిమిషాలు పట్టింది. అప్పటికే రెండు చెరువుల్లో రొయ్యలు గట్టు వారకు చేరి పైకి తేలుతున్నాయి. ఆ మర్నాడు చచ్చిన రొయ్యను ఏరించిన పని కూడా మొదటి గడిలోదే, కానీ అది పుట్టింది రెండో గడిలో.

అందుకే ఇప్పుడు రెండో గడిలోని పనికి జాబితాలో చోటు కాదు, గడియారంలో చోటు ఇస్తున్నాను. ఉదయం మేత వేసి, రొయ్యలు మేత ఎంత తిన్నాయో తెలిపే చెక్ ట్రేలు చూసిన తర్వాత పదిన్నర నుంచి పదకొండుంపావు వరకు ఫోన్ మా గుమాస్తా దగ్గర ఉంటుంది. గురువారం ఆ వేళలో జనరేటర్‌ను ఊరికే తిప్పడం కాకుండా, ఏరియేటర్ల లోడ్ పెట్టి ఇరవై నిమిషాలు నడిపిస్తాను. శనివారం ఆక్సిజన్ మీటర్‌ను సరిచూస్తాను. ఆసామికి మొదట్లో ఇది నచ్చలేదు, ఫోన్ ఎత్తకపోవడమేమిటని కోప్పడ్డారు. ఇప్పుడు పదకొండుంపావు దాటాకే చేస్తున్నారు.

మూడో గడి, అంటే ఇతరులకు అప్పగించే పనులు, నాకు ఇంకా పూర్తిగా చేతికి రాలేదు. పనిని అప్పగించి నిర్ణయాన్ని మాత్రం నా దగ్గరే ఉంచుకుంటే కుర్రాళ్లు అడుగడుగునా ఫోన్ చేస్తారు. అందుకని షెడ్డు గోడ మీద ఒక హద్దు రాయించాను: రాత్రి ఆక్సిజన్ లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల కంటే తగ్గితే, నన్ను అడగకుండానే అన్ని ఏరియేటర్లూ వేయాలి; వేసిన తర్వాత కూడా తగ్గుతుంటేనే ఫోన్ చేయాలి. రాత్రి ఫోన్లు బాగా తగ్గాయి. అయితే మీటర్ తప్పు చూపిస్తే ఈ హద్దు కూడా తప్పుదారి పట్టిస్తుంది కనుక, శనివారం పనిని ఎంత ఒత్తిడిలోనూ వదలను.

నాలుగో గడి గురించి చెప్పేదేమీ లేదు, దానిలో వాట్సాప్ గ్రూపులే ఉంటాయి. వైరస్ సోకి అర్ధంతరంగా పట్టుబడి చేయాల్సి వచ్చిన వారాల్లో మాత్రం పుస్తకమే తెరవను. అప్పుడు ఉన్న పని ఒక్కటే, దాన్ని విడదీయడానికేమీ ఉండదు. వల లాగడం పూర్తయి, చెరువు ఎండగట్టిన రోజున మళ్లీ గళ్లు గీసి, మొట్టమొదట రెండో గడిలోనే రాయడం మొదలుపెడతాను.