ఎక్కలేని పైకప్పులు, ఎత్తైన గోడలు: డ్రోన్‌తో పరిశీలన కొన్నేళ్లు చేశాక

పాత కట్టడాలు పరిశీలించే పనిలో డ్రోన్ వాడటం మొదలుపెట్టి కొన్నేళ్లయింది. నాది మడిచి సంచిలో పెట్టుకునే చిన్న రకం, కిలో బరువు కూడా ఉండదు. దాంతోపాటు నేల మీద నుంచి తీయడానికి టెలిఫోటో లెన్సున్న మామూలు కెమెరా, ఒక స్టాండు ఎప్పుడూ వెంట ఉంటాయి. ఏ పనికి ఏది తీయాలో తెలియడానికే చాలా కాలం పట్టింది. కొత్తగా కొనాలనుకునేవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. ఎత్తైన గోడ ముఖం చూడటానికి డ్రోన్ తప్పనిసరి కాదు. ఎదురుగా కాస్త ఖాళీ స్థలం ఉంటే, స్టాండు మీద కెమెరా పెట్టి టెలిఫోటోతో తీసిన ఫోటో చాలాసార్లు డ్రోన్ ఫోటో కంటే స్పష్టంగా వస్తుంది. కెమెరా కదలదు, బ్యాటరీ అయిపోతుందన్న టెన్షన్ లేదు, ఎవరి నెత్తి మీదా పడదు. డ్రోన్‌కు సాటి లేనిది పైముఖాల దగ్గర. పిట్టగోడ నెత్తి, కార్నీసు పైభాగం, గుమ్మటం గోడతో కలిసే చోటు, పిట్టగోడ వెనక నీరు పారే కాలువ. వాన నీరు నిలిచేది అక్కడే, కింద నిలబడ్డవాడికి కనపడనిదీ అక్కడే. ఇదివరకు అది చూడాలంటే పరంజా కట్టాలి, లేదా ఎవరో ఒకరు ప్రాణాలకు తెగించి ఎక్కాలి.

ఎక్కకుండా ఫోటోతోనే పని జరగాలన్న ఆలోచన డ్రోన్ కంటే చాలా పాతది. 1858లో జర్మనీలోని వెట్జ్‌లార్ చర్చి కొలతలు తీస్తూ ఆల్బ్రెక్ట్ మైడెన్‌బవర్ అనే యువకుడు ఎత్తు మీద నుంచి పడబోయి తృటిలో బతికి బయటపడ్డాడు. మనిషి గోడ మీద వేలాడే బదులు ఫోటోల నుంచే కొలతలు తీయలేమా అని ఆయన ఆలోచించింది ఆ తర్వాతే. 1885లో బెర్లిన్‌లో ఈ పని కోసమే ఒక ప్రభుత్వ సంస్థ ఆయన ఆధ్వర్యంలో మొదలైంది. గోడకు ఎంత దూరం నుంచి, ఏ లెన్సుతో తీశామో తెలిస్తే ఫోటోలోంచి కొలత రాబట్టవచ్చన్న సూత్రం అప్పటిదే. డ్రోన్ కొనేవాళ్లు మొదట పట్టుకోవాల్సిన లెక్క కూడా అదే.

ఒక అంగుళం సెన్సారు, 5472 పిక్సెళ్ల వెడల్పు ఫోటో, మామూలు వెడల్పు లెన్సు ఉన్న కెమెరా తీసుకుందాం. 10 మీటర్ల దూరం నుంచి తీస్తే ఒక ఫోటోలో సుమారు 15 మీటర్ల వెడల్పు గోడ పడుతుంది. దాన్ని 5472తో భాగిస్తే ఒక్కో పిక్సెల్‌కు 2.7 మిల్లీమీటర్లు. అంటే ఒక మిల్లీమీటరు పగులు ఆ ఫోటోలో ఉన్నా, దాని వెడల్పు ఎంతో చెప్పలేం. ఒక వెడల్పును నమ్మకంగా చెప్పాలంటే అది కనీసం రెండు మూడు పిక్సెళ్లు ఆక్రమించాలి. అదే 4 మీటర్లకు దగ్గరైతే పిక్సెల్‌కు 1.1 మిల్లీమీటర్లు వస్తుంది, మూడు మిల్లీమీటర్ల పగులు కొలవచ్చు. కానీ గోడకు 4 మీటర్ల దూరంలో డ్రోన్ నిలపడం గాలి ఉన్న రోజు ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయాల్సిన పని. అంతే పిక్సెళ్లుండి మూడు రెట్లు దగ్గరకు లాగే లెన్సు కూడా ఉంటే, అదే ఫలితం 12 మీటర్ల నుంచి వస్తుంది. నన్నడిగితే డబ్బు పెట్టాల్సింది ఆ రెండో లెన్సు మీదే. ఎంతసేపు ఎగురుతుంది, ఎంత వేగంగా పోతుంది అన్నవి ఈ పనికి రెండో వరసలోకి వస్తాయి.

ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను. ఇటుక, సున్నంతో కట్టిన పాత భవనం. పెద్ద హాలు కప్పు మూలలో చెమ్మ మచ్చ, ఏడాదికేడాది పెరుగుతోంది. మిద్దె మీది గచ్చు పగిలిందని అందరి అనుమానం. మొత్తం తవ్వి కొత్తగా వేయాలన్న ఆలోచన దాకా వెళ్లింది. మిద్దె మీదకు మెట్లు ఎప్పుడో కూలిపోయాయి, నిచ్చెన వేసే చోటు లేదు.

మొదట మిద్దెకు 8 మీటర్ల పైనుంచి కెమెరాను నిట్టనిలువుగా కిందికి తిప్పి, వరసగా అడ్డంగా దున్నినట్టు ఫోటోలు తీశాను. ముందు ఫోటోలో ఉన్న దానిలో 80 శాతం తర్వాతి ఫోటోలో కూడా ఉండాలి, పక్క వరసతో 60, 70 శాతం కలవాలి. అప్పుడే సాఫ్ట్‌వేర్ వాటిని కలిపి కొలతలు సరిపోయే ఒకే చిత్రంగా అతుకుతుంది. ఆ చిత్రంలో గచ్చు దాదాపు బాగానే ఉంది. కానీ మచ్చకు సరిగ్గా పైన, మూలలో నీరు బయటికి పోయే తూము సగం పావురాల రెట్టలతో, గడ్డితో మూసుకుపోయి కనిపించింది. పిట్టగోడ లోపలి ముఖం మీద అరచేతి ఎత్తున నల్లటి గీత, మూల నుంచి రెండు వైపులా సమంగా సాగి ఉంది. గీత అంత సమంగా ఉందంటే అక్కడ నీరు అంతమట్టం దాకా నిలుస్తోందన్న మాట. పగులులోంచి జారే నీరైతే మరక నిలువుగా, ఎగుడుదిగుడుగా దిగుతుంది.

తర్వాత బయటి వైపు వచ్చి, అదే మూల దగ్గర కార్నీసు పైభాగాన్ని ఏటవాలుగా తీశాను. పిట్టగోడ నెత్తిన పరిచిన రెండు రాళ్ల మధ్య అతుకులో సున్నం కొట్టుకుపోయి సందు తెరుచుకుంది. 4 మీటర్ల నుంచి తీసిన ఫోటోలో అది 11 పిక్సెళ్లుంది, అంటే సుమారు 12 మిల్లీమీటర్లు. అందులోంచి ఒక మొక్క లేచింది. దాని కింద గోడ మీద తెల్లటి ఉప్పు పూత పట్టింది. ఆ చోటును మేస్త్రీకి చెప్పడానికి వాడింది ఇటుక వరుసల లెక్క: కార్నీసు అడుగు నుంచి కిందికి ఏడో వరుస, మూల నుంచి నాలుగో ఇటుక. డ్రోన్ జీపీఎస్ ఇచ్చే అంకెలు మీటరు రెండు మీటర్లు అటూ ఇటూ ఉంటాయి, మేస్త్రీకి వాటితో పని లేదు.

దాంతో భవనం చుట్టూ కట్టాల్సిన పరంజా ఒక్క మూలకే పరిమితమైంది. పైకెక్కిన మేస్త్రీ చిన్న సుత్తితో గార మీద తట్టి చూశాడు. ఫోటోలో పెచ్చు లేచినట్టు కనిపించింది ఒక మూరెడు మేర. తడితే డొల్ల శబ్దం ఇచ్చింది అంతకు రెట్టింపు పైనే. ఈ తేడా నాకు ప్రతి కట్టడంలోనూ ఎదురవుతూనే ఉంది. గార గోడను వదిలేసినా పైకి నున్నగానే ఉంటుంది, మామూలు కెమెరా ఎంత దగ్గరగా తీసినా అది పట్టుకోలేదు. అందుకే ఫోటోల ఆధారంగా రాసే నివేదికలో 'గార గట్టిగా ఉంది' అని నేను రాయను. 'పైకి లోపం కనపడలేదు, తట్టి చూడాలి' అనే రాస్తాను.

పగుళ్ల విషయంలో ఇంకో చిక్కుంది. సాలెగూడు పోగు, తీగ నీడ, పాత నీటి మరక అంచు, ఎప్పుడో పూసిన వేరే రంగు సున్నం, ఇవన్నీ ఫోటోలో పగుళ్లలాగే కనపడతాయి. అనుమానం ఉన్న గోడను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తీస్తాను. నీడైతే జరుగుతుంది. పగులైతే అక్కడే ఉండి, వెలుగు ఏ పక్క నుంచి పడితే దానికి తగ్గట్టు దాని ఒక అంచు మెరుస్తుంది. మరక ఏ వెలుగులోనైనా ఒకేలా ఉంటుంది. గోడ ఉబ్బు తెలియాలంటే ఎండ గోడను ఒరుసుకుంటూ పడే గంటే మంచిది. మొత్తం గోడ చిత్రం అతకాలంటే మాత్రం మబ్బు పట్టిన రోజు కావాలి, లేదంటే నీడలన్నీ చిత్రంలో శాశ్వతంగా ఉండిపోతాయి. షట్టర్ వేగం సెకనులో 500వ వంతు కంటే తగ్గనివ్వను. ఎక్స్‌పోజరును, రంగును ఆటోలో వదలను, వదిలితే పక్కపక్క ఫోటోల్లో ఒకే గోడ రెండు రంగుల్లో వస్తుంది, చెమ్మకూ రంగు తేడాకూ తేడా తెలియదు.

ఎగరేయడం గురించి. గోడకు ఆనుకుని ఎగిరే డ్రోన్‌కు సగం ఆకాశం కనపడదు, ఉపగ్రహాల సంకేతాలు గోడకు తగిలి తిరిగొస్తాయి, అది ఉన్నచోట నిలవకుండా పక్కకు జారుతుంది. నడిపే చేయి వదిలేస్తే నిలిచే ఉంటుందన్న భరోసా ఖాళీ మైదానంలోనిది. అడ్డంకిని పసిగట్టే సెన్సార్లు ఉన్నా, పిడుగుల నుంచి రక్షణకు వేసిన తీగ, పాత కరెంటు వైరు, సన్నటి కొమ్మ వాటికి కనపడవు. వాటిని ఎగరేసే ముందే బైనాక్యులర్స్‌తో వెతికి కాగితం మీద గుర్తు పెట్టుకుంటాను. భవనం మూలల్లో, పిట్టగోడ అంచున గాలి సుడి తిరుగుతుంది. కింద ఆకు కదలకపోయినా పైన డ్రోన్ ఊగిపోతుంది. సూర్యోదయం తర్వాతి గంట, రెండు గంటలు చాలా మటుకు నయం.

అన్నిటికంటే ప్రమాదకరమైనది సాయం చేస్తుందనుకునే సదుపాయమే. సిగ్నల్ తెగితే డ్రోన్ ముందు నిలువుగా పైకి లేచి, ఆ తర్వాత బయలుదేరిన చోటుకు వస్తుంది. ముందుకు పొడుచుకొచ్చిన కార్నీసు కింద ఉన్నప్పుడు అది జరిగితే నేరుగా వెళ్లి రాతికి కొట్టుకుంటుంది. సెన్సార్లు పైవైపు చూడని రకంలో ఆపే దిక్కే ఉండదు. అలాంటి చోట సిగ్నల్ పోతే ఉన్నచోటే నిలిచేలా సెట్టింగ్ మారుస్తాను, పని అయ్యాక మళ్లీ మామూలుగా పెడతాను.

రెక్కల గాలి కూడా తక్కువది కాదు. ఊడటానికి సిద్ధంగా ఉన్న పెచ్చు దాంతో రాలవచ్చు. అందుకని కింద మనుషులు రాకుండా తాడు కట్టి, డ్రోన్ వైపే చూస్తూ ఉండటానికి ఇంకొకర్ని నిలబెడతాను, నేను తెర చూస్తుంటాను కాబట్టి. గూళ్లలో పిల్లలున్న కాలంలో పక్షులు మీదికొస్తాయి, ఆ నెలల్లో అసలు ఎగరేయను. కట్టడాన్ని చూసే శాఖ అనుమతి, విమానయాన నిబంధనల ప్రకారం అనుమతి రెండూ చేతికొచ్చాకే పెట్టె తెరుస్తాను.

లోపలి ఎత్తైన కప్పులకు డ్రోన్ వాడటం మానేశాను. జీపీఎస్ ఉండదు, వెలుగు చాలదు, తేలిన దుమ్ము ఫోటో నిండా చుక్కలవుతుంది, పాత చిత్రాలున్న గోడకు అది తగిలితే పోయింది తిరిగి రాదు. అక్కడ పొడవాటి కర్ర చివర చిన్న కెమెరా బిగించి, ఫోన్ తెర మీద చూసుకుంటూ నెమ్మదిగా తీస్తున్నాను.