ఫీజు నోటీసులో వేసిన మొత్తాన్ని మీరే ఒకసారి కూడి చూసుకోకుండా డబ్బు కట్టకండి

మా చిన్నవాడి మూడో విడత ఫీజు నోటీసులో అడిగిన 35,592ను, గడువు చివరి రోజు కాబట్టి, నిన్న మధ్యాహ్నం కౌంటరులో కట్టేశాను. రాత్రి పాత రసీదులు తీసి నోటీసు పక్కన పెట్టుకుని లెక్క వేస్తే, నేను కట్టవలసింది 24,000 మాత్రమేనని తేలింది. ఈ పని కట్టకముందే చేయవలసింది. చేయకపోవడం పూర్తిగా నా తప్పు.

ఈ ఉదయం రసీదులు పట్టుకుని వెళ్తే, కౌంటరులోని వ్యక్తి వాటిని చేతిలోకైనా తీసుకోలేదు. నా వెనుక వరుసలో పదిమంది నిలబడి ఉండగా, పక్కనే నా కొడుకు వింటూ ఉండగా, "కంప్యూటరు వేసిన లెక్క తప్పదండీ, కట్టడం ఇష్టం లేకపోతే అదే చెప్పండి" అన్నారు. నిన్ననే పూర్తిగా కట్టిన మనిషితో అన్న మాట ఇది. వాడు తల దించుకున్నాడు. నాకు డబ్బు పోయినందుకు కలిగిన బాధ కంటే, వాడు అలా తల దించుకోవడం చూసినప్పుడు కలిగిన బాధే ఎక్కువ. అక్కడే బల్ల మీద కూర్చుని ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం రాశాను. మీ నోటీసులోనూ ఇవే తప్పులు ఉండవచ్చు కాబట్టి అందులోని ముఖ్యభాగాన్ని ఇక్కడ ఇస్తున్నాను.

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,

మా అబ్బాయి ఫీజు నోటీసులో మూడు లెక్కల తప్పులు ఉన్నాయని మనవి చేస్తున్నాను.

మొదటిది, రెండో విడతలో 6,300 బకాయి ఉన్నట్లు చూపారు. ఆ విడతకు కట్టవలసిన 24,000ను నేను గడువులోపలే 15,900, 8,100 చొప్పున రెండుసార్లుగా కట్టాను. రసీదుల నకళ్లు జతచేశాను. మీ ఖాతాలో రెండో రసీదు 1,800గా నమోదైనట్లుంది. 8,100లో పక్కపక్కన ఉన్న రెండు అంకెలు తారుమారైతే వచ్చే సంఖ్య అదే, తేడా కూడా సరిగ్గా 6,300. అంకెలు ఇలా తారుమారైనప్పుడు వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడుతుంది కనుక, మీ లెక్కల విభాగం వారు దీన్ని సులభంగానే నిర్ధారించుకోవచ్చు.

రెండవది, ఆలస్య రుసుము. నెలకు రెండు శాతం చొప్పున రెండు నెలలకు 1,292 వేశారు. ఇది 32,300 మీద నాలుగు శాతం. అంటే బకాయితోపాటు, ఇంకా గడువు దాటని మూడో విడత బోధన రుసుము 20,000 మీద, బస్సు రుసుము 6,000 మీద కూడా ఆలస్య రుసుము లెక్కించారు. ఆ బకాయి నిజమే అయినా రుసుము 252కు మించదు. బకాయే లేదు కనుక అసలు రుసుమే ఉండదు.

మూడవది, ఒకే ఇంటి నుండి రెండో బిడ్డ చదువుతున్నందుకు ఇచ్చే రాయితీ 2,000. నోటీసులో ఆ వరుస ఉంది గానీ, దాన్ని తీసివేయడానికి బదులు మొత్తంలో కలిపారు. మిగతా వరుసలను కూడితే 33,592 వస్తుంది; అందులోనుండి 2,000 పోతే 31,592 ఉండాలి. మీరు వేసినది 35,592. తేడా 4,000, సరిగ్గా రాయితీకి రెట్టింపు. తీసివేయవలసినదాన్ని కూడినప్పుడే తేడా ఇలా రెట్టింపుగా వస్తుంది.

ఈ మూడింటినీ సరిచేస్తే 20,000కు 6,000 కలిపి, 2,000 తీసివేయగా 24,000 మిగులుతుంది. నేను అదనంగా కట్టిన 11,592ను తిరిగి ఇప్పించవలసిందిగా, సవరించిన నోటీసును, మా అబ్బాయి ఖాతా నకలును రాతపూర్వకంగా ఇప్పించవలసిందిగా కోరుతున్నాను."

కౌంటరులో అన్న మాటను ఉత్తరంలో రాయలేదు. రాస్తే చర్చ మర్యాద మీదికి మళ్లి, అంకెలు పక్కకు పోతాయని అనిపించింది. ఆ మాట గురించి ప్రిన్సిపాల్ గారితో నేరుగానే మాట్లాడతాను. ఉత్తరం రెండో ప్రతి మీద తేదీతో సహా కార్యాలయం ముద్ర వేయించుకున్నాను. జవాబు ఇంకా రాలేదు.

బకాయి తప్పు మా ఒక్కరి ఖాతాకే పరిమితం కావచ్చు. కానీ రాయితీని కూడడం, గడువు దాటని మొత్తం మీద ఆలస్య రుసుము వేయడం నోటీసు తయారుచేసే పద్ధతిలోనే ఉన్న లోపంలా కనిపిస్తున్నాయి కనుక, ఇద్దరు పిల్లలను అదే బడిలో చదివిస్తున్నవారు ముందుగా రాయితీ వరుసను చూసుకోండి. దాని ముందు తీసివేత గుర్తు లేకపోతే మొత్తాన్ని చేత్తో కూడండి. పాత విడతల నోటీసులు దాచి ఉంటే వాటినీ కూడి చూడండి. నేను ఈ రాత్రి మొదటి విడతది తీస్తున్నాను.